స్నానపు నీటితో మరుగుదొడ్డి ఫ్లష్: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురంలో మా ఇంటి పై అంతస్తు స్నానాల గది నీళ్లు నాలుగేళ్లుగా కింది మరుగుదొడ్ల ఫ్లష్ ట్యాంకులకే వెళ్తున్నాయి. ఏర్పాటు చూసి వెళ్లిన పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం బంధువులు తమ ఇంట్లో పని మొదలుపెట్టగానే ఫోన్ చేసి అవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గర నుంచే చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మా ఇంట్లో ఐదుగురం. స్నానపు నీళ్లు ఫ్లష్‌కు సరిపోతాయా?

సరిపోవడమే కాదు, మిగులుతాయి. ఇళ్ల నీటి అవసరానికి మన దేశంలో వేసే లెక్కలో మనిషికి రోజుకు 135 లీటర్లు. అందులో స్నానానికి 55, ఫ్లష్‌కు 30. బకెట్లతో పోసుకునే ఇళ్లలో స్నానానికి అంత పట్టదు. మనిషికి రెండు 20 లీటర్ల బకెట్లు అనుకుంటే ఐదుగురికి 200 లీటర్లు. ఫ్లష్ ట్యాంకుకు రెండు మీటలు ఉండి, పెద్దది 6 లీటర్లు, చిన్నది 3 లీటర్లు వదిలితే, మనిషి రోజుకు ఒకసారి పెద్దది, నాలుగుసార్లు చిన్నది నొక్కినా 18 లీటర్లే. ఐదుగురికి 90 లీటర్లు. అంటే వచ్చిన నీటిలో సగం కూడా ఖర్చు కాదు.

ఈ లెక్క వల్ల ఇంకో మేలు ఉంది. కావలసినదానికంటే ఎక్కువ నీరు వస్తున్నప్పుడు మురికిగా ఉన్నదాన్ని వదిలేసి, శుభ్రంగా ఉన్నదాన్నే ఎంచుకోవచ్చు. వంటింటి సింకు నీరు, బట్టలు ఉతికిన నీరు మేము తీసుకోం. ఇక డబ్బు సంగతి: 5000 లీటర్ల ట్యాంకరు కొనుక్కునే ఇంట్లో రోజుకు 90 లీటర్లు మిగిలితే సుమారు 55 రోజులకు ఒక ట్యాంకరు తప్పుతుంది.

వంటింటి నీళ్లు ఎందుకు వద్దంటారు? అవీ నీళ్లే కదా?

నూనె, మెతుకులు, పప్పు కడుగు. ఈ మూడూ ఇసుక వడపోతను వారంలో మూసేస్తాయి. మెతుకులు కలిసిన నీరు వేసవిలో కొన్ని గంటల్లోనే పులిసి వాసన కొడుతుంది. ఆ నీటిని ఇంటి లోపలి ఫ్లష్‌కు వాడాలంటే ఇంట్లో నడపలేనంత పెద్ద శుద్ధి ఏర్పాటు కావాలి.

మా స్నానాల గది, మరుగుదొడ్డి ఒకే గదిలో ఉన్నాయి. చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. అయితే నేల సంగతి ముందు చూడండి. కలిసి ఉన్న గదుల్లో సాధారణంగా నేల మీది నీరు పోయే నహాని ట్రాప్ ఒకటే ఉంటుంది. స్నానం చేసిన నీరూ, కమోడ్ చుట్టూ కడిగిన నీరూ అందులోకే పోతాయి. ఆ ట్రాప్ నుంచి నీరు తీసుకుంటే అది స్నానపు నీరు కాదు, మురుగే. స్నానం చేసేవైపు నేలను వేరే వాలుతో దించి, మధ్యలో అంగుళం ఎత్తు గట్టు కట్టి, అక్కడ రెండో ట్రాప్ పెట్టాలి. మన పైపు ఆ రెండో ట్రాప్ నుంచే రావాలి. నేల పగలగొట్టడం ఇష్టం లేకపోతే ఆ గదిని వదిలేసి, విడిగా స్నానానికే ఉన్న గది నుంచి తీసుకోండి.

పసిపిల్లల్ని కూడా అక్కడే కడుగుతాం. పరవాలేదా?

పరవాలేదని నేను చెప్పను. మలం కలిసిన నీరు ఏ గదిలోంచి వచ్చినా మురుగే. అందుకే ట్రాప్ దాటగానే ఒక మళ్లింపు వాల్వు పెట్టించాం. ఒకవైపు తిప్పితే వడపోతకు, మరోవైపు తిప్పితే కాలువకు. పిల్లవాడిని కడిగేటప్పుడు, ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకున్నప్పుడు, జుట్టుకు రంగు వేసుకున్న రోజున దాన్ని కాలువవైపు తిప్పుతాం. వాల్వు స్నానాల గది గుమ్మం పక్కనే, చేతికందే ఎత్తులో ఉండాలి. మిద్దె మీద పెడితే ఎవరూ తిప్పరు.

## గొట్టాలు వేసేటప్పుడు

ప్లంబరు రెండు లైన్లూ ఒకే రకం పైపుతో వేస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోకండి. నీళ్లు కలిసిపోవడానికి చోటిచ్చే మొదటి తప్పు ఇదే. గోడ మూసి పలకలు అతికించాక రెండు తెల్ల పైపుల్లో ఏది ఏదో వేసినవాడికే తెలియదు. ఐదేళ్ల తర్వాత వచ్చే ఇంకో ప్లంబరుకు అసలే తెలియదు.

మేము మంచినీళ్ల లైను మీగడ రంగు సీపీవీసీతో, ఫ్లష్ లైను యూపీవీసీతో వేయించాం. కారణం రంగు ఒక్కటే కాదు. అర అంగుళం సీపీవీసీ పైపు బయటి కొలత సుమారు 16 మిల్లీమీటర్లు. అదే అర అంగుళం యూపీవీసీ సుమారు 21 మిల్లీమీటర్లు. ఒకదాని ఎల్బో, టీ రెండోదానికి ఎక్కవు. పొరపాటున కలపబోతే చెయ్యే ఆగిపోతుంది. మర ఉన్న అడాప్టరు తెచ్చి పట్టుబట్టి కలపాలనుకుంటే కలుస్తుంది కానీ, అలా చేసేవాడు ఒక్క క్షణమైనా ఆగి ఆలోచించాలి. మాకు కావలసింది ఆ క్షణమే.

రెండు పైపులనూ గోడలో ఒకే గాడిలో దించనివ్వకండి. కనీసం అడుగు ఎడం ఉంచండి. ఒకదాన్నొకటి దాటే చోట మంచినీళ్ల పైపు పైన ఉండాలి.

జెట్ స్ప్రేకు కూడా ఈ నీళ్లే ఇవ్వకూడదా? కడుక్కోవడానికే కదా?

ఎంతమాత్రం ఇవ్వకూడదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో ఈ సమస్య పెద్దగా కనిపించదు, వారి మరుగుదొడ్లలో జెట్ ఉండటం అరుదు కాబట్టి. మన ఇళ్లలో ఫ్లష్ ట్యాంకు, జెట్ స్ప్రే పక్కపక్కనే ఉంటాయి. రెండింటికీ ఒకే పాయింటు చాలుతుందని ప్లంబర్లు రెండు మూతుల యాంగిల్ కాక్ బిగిస్తారు. ఒక మూతి ఫ్లష్ ట్యాంకుకు, ఒక మూతి జెట్‌కు. మామూలు ఇంట్లో అది మంచి పద్ధతే. రెండు రకాల నీళ్లున్న ఇంట్లో మాత్రం ఆ కాక్ ఒక్కటే చాలు, స్నానపు నీరు నేరుగా మనిషి ఒంటి మీదికి రావడానికి. జెట్ నీరు తడిసిన చర్మానికీ పుండ్లకూ తగులుతుంది, చేతులకు అంటుతుంది. పిల్లలైతే దానితో కాళ్లు కడుక్కుంటారు, నోట్లో కూడా పెట్టుకుంటారు.

మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. పలకలు అతికించే రోజున కింది మరుగుదొడ్డి గోడలో ఒకే పాయింటు కనిపించింది. అది ఫ్లష్ లైనుది. పనివాడు అలవాటు ప్రకారం రెండు మూతుల కాక్ బిగించి వెళ్లిపోయాడు. నీళ్లు వచ్చాయి, జెట్ పనిచేసింది, ఎవరికీ అనుమానం రాలేదు. పరీక్ష చేసేటప్పుడే బయటపడింది. రెండు పలకలు పగలగొట్టి, కమోడ్ అవతలి పక్కన మంచినీళ్ల పాయింటు విడిగా తెచ్చాం.

అప్పటి నుంచి మేము పాటించే పద్ధతి ఇది: ఫ్లష్ లైను ఒక్క ఫ్లష్ ట్యాంకు దగ్గరే ఆగాలి. దానికి ఒకే మూతి ఉన్న కాక్, అదీ పిడి తీసేసినది, పానాతో మాత్రమే తిరిగేది. ఆ లైను మీద కుళాయి ఒక్కటి కూడా ఉండకూడదు, మొక్కల కోసమైనా, వాకిలి కడగడానికైనా. కుళాయి కనిపిస్తే ఎవరో ఒకరు తాగుతారు.

స్నానపు నీళ్లు అయిపోతే మంచినీళ్లు రావడానికి రెండు లైన్ల మధ్య వాల్వు పెడితే సరిపోదా?

సరిపోదు. నాన్ రిటర్న్ వాల్వు పెట్టినా సరిపోదు. ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు దాని నాలుక కింద ఇరుక్కుంటే చాలు, అది పూర్తిగా మూసుకోదు. పై మంచినీళ్ల ట్యాంకు ఖాళీ అయిన పూట స్నానపు నీరు వెనక్కి పారి వంటింటి కుళాయి దాకా వెళ్తుంది.

చేయవలసింది గాలి ఎడం. మంచినీళ్ల పైపు చివర ఫ్లష్ ట్యాంకుల నిల్వ తొట్టిలో మునగకూడదు, తగలకూడదు. తొట్టి పొర్లే అంచుకు పైన ఖాళీగా వేలాడాలి. ఎడం పైపు వ్యాసానికి కనీసం రెట్టింపు ఉండాలి, ఎంత సన్నని పైపైనా 25 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ముప్పావు అంగుళం పైపుకు 40 మిల్లీమీటర్లు. మేము తొట్టి మూత మీద ఒక పెద్ద గరాటు బిగించి, దానిపైన చేతితో తిప్పే కుళాయి పెట్టాం. ఎడం కంటికి కనిపిస్తుంది. వచ్చిన నీరు గరాటులో పడుతుంది. వెనక్కి వెళ్లడానికి దారే లేదు. కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి గరాటులో దించారంటే ఆ ఎడం పోయినట్టే, అది చూసుకోండి.

ఇంత జాగ్రత్త నిజంగా అవసరమా? ఎక్కడైనా జరిగిందా?

జరిగింది. నెదర్లాండ్స్‌లో యుట్రెక్ట్ శివారు లీడ్షే రైన్‌లో ఇళ్లకు తాగునీటితో పాటు ఫ్లష్, బట్టల కోసం తక్కువ స్థాయి శుద్ధి చేసిన నీటిని వేరే పైపుల్లో ఇచ్చారు. 2001లో ఆ రెండూ ఒకచోట కలిసి, తాగునీటిలోకి రెండో నీరు వెళ్లి, జనానికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ తర్వాత 2003లో అక్కడి ప్రభుత్వం ఇళ్లకు పెద్ద ఎత్తున అలాంటి రెండో నీటిని ఇవ్వడం ఆపేసింది. అక్కడ వేసినవాళ్లు నిపుణులే. ఒక్క కలయిక చాలింది.

## వడపోత, నిల్వ

వడపోత ఎలా కట్టాలి? బజారులో దొరికేది కొనాలా?

మేము డ్రమ్ములతో కట్టుకున్నాం. ముందుగా ట్రాప్‌లోనే స్టీలు జాలీ బుట్ట. వెంట్రుకలు, సబ్బు ముక్కలు అక్కడే ఆగాలి. ఆ తర్వాత ఒక 200 లీటర్ల డ్రమ్ము, ఊరికే నిలవడానికి. మట్టి అడుక్కు దిగుతుంది, నూనె, నురగ పైకి తేలుతాయి. అందుకే నీటిని పై నుంచీ కింద నుంచీ కాక, లోపల టీ బిగించి మధ్య నుంచి తీస్తాం. అక్కడి నుంచి ఇసుక డ్రమ్ముకు. అందులో అడుగున బెత్తెడు లోతు 20 మిల్లీమీటర్ల కంకర, దానిపైన బెత్తెడు చిన్న కంకర, ఆపైన మూరెడు కడిగిన గరుకు ఇసుక. నీరు పైన ఒక పలక మీద పడి పరుచుకోవాలి, లేకపోతే ధార పడిన చోట ఇసుకలో గుంట పడి నీరు అందులోంచి జారిపోతుంది.

మరచిపోకూడని పైపు ఒకటుంది. నీరు నిలిచే మొదటి డ్రమ్ము పైభాగం నుంచి కాలువకు ఓవర్‌ఫ్లో. ఇసుక మూసుకుపోయిన రోజున నీరు స్నానాల గదిలోకి వెనక్కి తన్నకుండా కాలువకు పోయేది దీనివల్లే.

వడపోత పదేపదే మూసుకుపోతోంది. ఇసుక మంచిది కాదా?

ఇసుకది తప్పు కాకపోవచ్చు. ఆదివారాలు గమనించండి. మా ఇంట్లో మొదటి రెండు నెలలూ సోమవారం పొద్దున్నే ఓవర్‌ఫ్లో కారేది. కారణం తలంటు. నువ్వుల నూనె, సున్నిపిండి, కుంకుడుకాయ రసం మూడూ ఒకే పూట వచ్చేవి. పిండి, నూనె కలిసి ఇసుక మీద మీగడలా కట్టేది. చేత్తో ఎత్తితే అట్టులా ఊడివచ్చేది. కుంకుడు నురగ డ్రమ్ము మూత దాకా పొంగేది. ఇప్పుడు తలంట్ల రోజు మళ్లింపు వాల్వును కాలువవైపు తిప్పేస్తున్నాం. పండగ రోజుల్లోనూ అంతే. మిగతా రోజుల నీళ్లు ఎలాగూ సరిపోతాయి.

బోరు నీళ్లు ఉప్పదనం, గట్టిదనం ఉన్నవైతే సబ్బు తెల్లటి పొరలా విరిగి అదీ ఇసుక మీద చేరుతుంది. వారానికోసారి పై రెండు అంగుళాల ఇసుక తీసి కడిగి వేయాలి. పని పదిహేను నిమిషాలే. చేతులకు తొడుగులు వేసుకోండి.

ఎన్ని రోజులు నిల్వ ఉంచుకోవచ్చు?

ఒక్క రోజు. 24 గంటలు దాటిన స్నానపు నీటిలో ప్రాణవాయువు తరిగిపోయి అది నల్లబడుతుంది, కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. పెద్ద తొట్టి కట్టుకుంటే మంచిదనుకుంటారు, నిజానికి చెడ్డది. రోజుకు 90 లీటర్ల ఖర్చున్న ఇంటికి పైన 100 లీటర్ల తొట్టి చాలు. ఊరెళ్లేటప్పుడు అడుగు వాల్వు తెరిచి డ్రమ్ములు, తొట్టి ఖాళీ చేసి వెళ్లండి.

వడకట్టాక నీరు తేటగానే ఉంది. బ్లీచింగ్ పొడి కూడా కావాలా?

కావాలి. ఇసుక మురికిని ఆపుతుంది, సూక్ష్మజీవుల్ని పూర్తిగా ఆపలేదు. ఫ్లష్ వదిలినప్పుడు కంటికి కనిపించని తుంపరలు పైకి లేస్తాయి. వాటిని మనమే పీలుస్తాం. అందుకే ఫ్లష్ ముందు మూత వేయడమూ అలవాటు చేసుకోవాలి.

100 లీటర్లకు తాజా బ్లీచింగ్ పొడి సుమారు 2 గ్రాములతో మొదలుపెట్టండి. నేరుగా చల్లకుండా గ్లాసు నీళ్లలో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైన తేరిన నీటిని తొట్టిలో పోయండి. అరగంట ఆగాక నీటిని క్లోరిన్ పరీక్ష కిట్‌తో చూడండి. లీటరుకు కనీసం 1 మిల్లీగ్రామయినా మిగిలి ఉండాలి. మిగలకపోతే పొడి పెంచడానికి ముందు వడపోత చూడండి. నీరు మురికిగా ఉంటే క్లోరిన్ ఆ మురికికే ఖర్చయిపోతుంది. పొడిని గట్టి మూత ఉన్న డబ్బాలో, ఎండ, తేమ తగలని చోట, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌కు దూరంగా పెట్టండి. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

## పరీక్ష, గుర్తులు

రెండు లైన్లూ కలవలేదని ఎలా తేల్చుకోవాలి?

గోడలు మూసేముందు ఒకసారి, ఇంట్లో చేరేముందు ఒకసారి, తర్వాత ఏటా ఒకసారి, ప్లంబరు చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి.

మంచినీళ్ల ట్యాంకు వాల్వు కట్టేసి, ఇంట్లో ప్రతి మంచినీళ్ల కుళాయినీ, షవరునూ, జెట్‌నూ తెరవండి. పైపుల్లో మిగిలినదంతా కారిపోనివ్వండి. ఫ్లష్ తొట్టి మాత్రం నిండుగా ఉండాలి. గంట ఆగి ఒక్కొక్క కుళాయి కింద పొడి గుడ్డ పట్టి చూడండి. ఎక్కడ తడిసినా ఫ్లష్ లైను అక్కడికి చేరినట్టే. మా ఇంట్లో జెట్ కారుతూనే ఉండటం ఇలాగే బయటపడింది. తర్వాత తిరగేసి చేయండి. ఫ్లష్ తొట్టి ఖాళీ చేసి, ఫ్లష్ ట్యాంకుల దగ్గర గొట్టాలు విప్పి, కాక్‌లు తెరిచి, మంచినీళ్ల కుళాయిలన్నీ కట్టేసి, మంచినీళ్ల ట్యాంకు నింపి దాని వాల్వు తెరవండి. విప్పిన చోట చుక్క రాకూడదు.

చివరిగా రంగు. ఫ్లష్ తొట్టిలో మిఠాయిలకు వేసే రంగు చిక్కగా కలిపి ప్రతి ఫ్లష్‌నూ నాలుగైదుసార్లు నొక్కండి. కమోడ్‌లో రంగు కనిపించాలి. ఇంకెక్కడా కనిపించకూడదు. ప్రతి కుళాయి నీటినీ తెల్ల గిన్నెలో పట్టి చూడండి. పరీక్షలో పట్టుబడితే ఆ పూట ఇంటి కుళాయిల నీళ్లు తాగకండి. కలిసిన చోటు విప్పి, మంచినీళ్ల లైనంతా క్లోరిన్ నీటితో కడిగాకే వాడండి.

పైపుల మీద ఏ భాషలో రాయించాలి?

మా ఇంటికి వచ్చే ప్లంబర్లలో ఎక్కువమంది ఒడియా చదువుతారు, తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. మా అమ్మకు తెలుగు లిపే వచ్చు. అందుకని రెండు లిపుల్లోనూ రాయించాం. తెలుగులో “తాగే నీరు కాదు”, ఒడియా లిపిలో “పిఇబా పాణి నుహే”. పక్కన గ్లాసు బొమ్మ వేసి దాని మీద ఎర్ర గీత. చదవడం రాని పిల్లలకూ ఆ బొమ్మ అర్థమవుతుంది.

పైపంతా ఊదా రంగు టేపు చుట్టాం. శుద్ధి చేసిన నీటికి అమెరికా, ఆస్ట్రేలియాల్లో వాడేది ఆ రంగే. ఎనామిల్ రంగు వేస్తే ఎండకు రెండేళ్లలో పొలుసులుగా రాలిపోతుంది, టేపు నిలిచింది. రాత మీటరుకోసారి, ప్రతి వంపు దగ్గర, గోడలోకి దూరే చోట రెండు వైపులా, ప్రతి వాల్వు మీద ఉండాలి. తొట్టి మూత మీద, ఫ్లష్ ట్యాంకు మూత లోపల కూడా అంటించండి. బాగుచేసేవాడు ముందు తెరిచేది ఆ మూతే.

## వాడుకలో

ఫ్లష్ ట్యాంకు నిండటానికి చాలాసేపు పడుతోంది.

రెండు కారణాలు ఉండవచ్చు. ట్యాంకు నిండగానే నీటిని ఆపే లోపలి బుడ్డి వాల్వు దగ్గర ఉండే చిన్న జాలీ మూసుకుపోయి ఉంటుంది. విప్పి పళ్ల బ్రష్షుతో కడగండి. అప్పటికీ తేడా లేకపోతే తొట్టి ఎత్తు చూడండి. ఫ్లష్ ట్యాంకుకు మీటరు ఎత్తులోనే తొట్టి ఉంటే ఒత్తిడి తక్కువ. తక్కువ ఒత్తిడికి పనిచేసే బుడ్డి వాల్వు అడిగి తెచ్చుకోండి. ఒత్తిడి కోసం మంచినీళ్ల లైనుకు కలిపేద్దామని ఎవరైనా అంటే ఆ పని అక్కడితో ఆపించండి.

ఇల్లు అద్దెకు ఇవ్వాలనుకుంటున్నాం. వాళ్లకేం చెప్పాలి?

నోటితో చెప్పినది ఏడాదిలో మరిచిపోతారు. మేము గోడ మూయకముందే రెండు పైపుల దారినీ ఫొటోలు తీసి, వాటి మీద ఊదా గీతతో ఫ్లష్ లైను గీసి, మీటరు బోర్డు తలుపు లోపల అంటించాం. మళ్లింపు వాల్వు ఎప్పుడు ఏవైపు తిప్పాలో ఆ వాల్వు పక్కనే రాసి ఉంది. వారానికోసారి ఇసుక కడగడం, రోజూ బ్లీచింగ్ నీళ్లు పోయడం చేయలేమని అద్దెకు వచ్చేవారు అంటే వారిని ఒత్తిడి చేయకండి. మళ్లింపు వాల్వును శాశ్వతంగా కాలువవైపు తిప్పి, డ్రమ్ములు ఖాళీ చేసి, గరాటు పైని కుళాయికి బుడ్డి వాల్వు తగిలించి తొట్టిని మంచినీళ్లతోనే నడపండి. గరాటుకూ ఆ వాల్వు మూతికీ మధ్య ఎడం మాత్రం అలాగే ఉండాలి.